రాత్రి రెండు గంటలకు పారే నీరు

నడిరోడ్డు మీద నీటిని ఎగజిమ్ముతూ పత్రికలో ఫొటోగా వచ్చే పైపు పగులు, నీటి సరఫరా ఇంజనీర్ల లెక్కలో అంత ప్రమాదకరమైనదేమీ కాదు. ఎందుకంటే అది బయటపడిన గంటలోనే ఎవరో ఒకరు పురపాలక కార్యాలయానికి ఫోను చేస్తారు, ఫిట్టరు వచ్చి వాల్వు కట్టేస్తాడు, మర్నాటికి గొయ్యి పూడిపోతుంది. అటువంటి పగులు గంటకు 60 ఘనపు మీటర్ల చొప్పున, అంటే 60 వేల లీటర్ల చొప్పున, పన్నెండు గంటలపాటు పారినా మొత్తం పోయేది 720 ఘనపు మీటర్లు. ఇంటి కనెక్షన్ మెయిన్ పైపును కలిసే చోట బిగించే ఫెర్రూల్ అనే చిన్న ఇత్తడి అమరిక వదులై, గంటకు 500 లీటర్లు మాత్రమే కారుతూ, ఆ నీరు పైకి రాకుండా పక్కనున్న మురుగుకాల్వలోకో అడుగునున్న ఇసుక పొరలోకో దిగిపోతూ, 300 రోజులు ఎవరి కంటా పడకపోతే పోయేది 3,600 ఘనపు మీటర్లు. పెద్ద పగులు కంటే చిన్న కారుడు ఐదు రెట్లు ఎక్కువ నీటిని మింగడానికి కారణం రంధ్రం పరిమాణం కాదు, అది పారిన కాలం.

ఆ కాలాన్ని ఇంజనీర్లు మూడు భాగాలుగా చూస్తారు. లీకేజీ ఉన్నదని తెలియడానికి పట్టే కాలం మొదటిది, అది ఏ వీధిలో ఏ చోట ఉన్నదో గుర్తించడానికి పట్టేది రెండవది, తవ్వి బాగుచేయడానికి పట్టేది మూడవది. పైకి ఉబికే లీకేజీకి మొదటి రెండూ దాదాపు శూన్యం కాగా, దాగిన లీకేజీ విషయంలో ఆయుష్షంతా మొదటి భాగంలోనే గడిచిపోతుంది. దానిని ఎవరూ వెతకరు, ఎందుకంటే అది ఉన్నదనే ఎవరికీ తెలియదు. అందువల్ల ఈ విద్యలో అసలు మెళకువ భూమికి చెవి ఆనించే పరికరాలలో కంటే, వాటిని ఎక్కడ ఆనించాలో ముందుగా చెప్పే లెక్కలో ఉన్నది.

పోయిన నీరంతా కారిన నీరు కాదు

శుద్ధి కేంద్రం నుంచి పైపుల్లోకి పంపిన నీటిలో బిల్లు వసూలు చేయదగినదిగా లెక్కకెక్కని భాగమంతటినీ ఆదాయం రాని నీరు అంటారు. అంతర్జాతీయ జల సంఘం 2000లో ప్రామాణికం చేసిన నీటి పద్దు ప్రకారం ఇందులో మూడు రకాలున్నాయి: వీధి కుళాయిలకు, అగ్నిమాపక అవసరాలకు అధికారికంగానే ఉచితంగా ఇచ్చినది, పైపుల నుంచి, ట్యాంకుల నుంచి కారిపోయిన భౌతిక నష్టం, మనుషుల దాకా చేరి కూడా పద్దులో పడనిది. ఈ చివరిదానిని వాణిజ్య నష్టం అంటారు. అరిగిపోయి తక్కువ చూపే మీటర్లు, అనుమతి లేని కనెక్షన్లు, రిజిస్టరులోకి ఎక్కని ఇళ్లు దీని కిందికి వస్తాయి. భారత ప్రభుత్వ పట్టణాభివృద్ధి శాఖ 2008లో విడుదల చేసిన సేవా ప్రమాణాలు ఆదాయం రాని నీరు మొత్తం మీద 20 శాతం మించరాదని లక్ష్యం పెట్టాయి గాని, అత్యధిక కనెక్షన్లకు మీటర్లే లేని పట్టణంలో ఈ శాతం కొలిచిన అంకె కాదు, ఊహించి వేసిన అంకె.

భౌతిక నష్టాన్నీ వాణిజ్య నష్టాన్నీ విడదీయకుండా పనిలోకి దిగితే డబ్బు తప్పుదారిలో ఖర్చవుతుంది. దొంగ కనెక్షన్లు ఎక్కువగా ఉన్న పేటలో రోడ్లన్నీ తవ్వినా ఫలితం ఉండదు, ఫెర్రూల్‌లు కారే పేటలో ఎన్ని మీటర్లు మార్చినా రాబడి పెరగదు. ఈ రెండింటినీ వేరుచేసే కొలత ఒకటే ఉన్నది: ఊరంతా నిద్రపోయే వేళ పైపులోకి ఎంత నీరు వెళుతున్నదన్నది. మనిషి నీటి వాడకానికి పగలూ రాత్రీ ఉన్నాయి, రంధ్రానికి లేవు.

ఒక జోన్ లెక్క

ఈ కొలతకు ముందు పైపుల అల్లికను చిన్న జోన్‌లుగా విడగొట్టాలి. చుట్టూ ఉన్న సరిహద్దు వాల్వులన్నీ మూసి, ఒకే ప్రవేశ మార్గంలో ఒక మీటరు పెట్టిన ప్రాంతమే జోన్. సాధారణంగా ఒక్కోదానిలో 500 నుంచి 3,000 వరకు కనెక్షన్లు ఉండేలా చూస్తారు. కాగితం మీద ఇది తేలికైన పనే గాని, పాత పట్టణంలో ఏ వీధి పైపు ఏ వీధి పైపుతో కలిసిందో వాల్వులు తిప్పే సిబ్బంది జ్ఞాపకంలో తప్ప పటంలో ఉండదు. అందుచేత జోన్‌ను నమ్మేముందు శూన్య పీడన పరీక్ష చేస్తారు: ఒక రాత్రి ప్రవేశ వాల్వును కూడా మూసేస్తే లోపలి పీడనం కొద్ది నిమిషాలలో సున్నాకు పడిపోవాలి. పడిపోకుండా నిలబడిందంటే నమోదు కాని పైపు ఏదో పక్క జోన్ నుంచి నీటిని తెస్తున్నదని అర్థం, ఆ పైపు దొరికేదాకా మిగతా లెక్కలన్నీ వ్యర్థం. ఖాళీ పైపులు బయటి మురికిని లోపలికి పీల్చుకోగలవు గనుక, ఈ పరీక్ష తరువాత పైపులను కడిగి, క్లోరిన్ ఎంత ఉన్నదో చూశాకే ఇళ్లకు నీరు వదలాలి.

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి 1,200 కనెక్షన్లున్న ఒక జోన్‌ను ఊహించుకోవచ్చు. రోజుకు లోపలికి వెళ్లే నీరు 700 ఘనపు మీటర్లు, బిల్లులలో తేలినది 430. తక్కిన 270 ఘనపు మీటర్లు, అంటే 39 శాతం దగ్గర, ఆదాయం రాని నీరు. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ప్రవేశ మీటరు గంటకు 14 ఘనపు మీటర్లు చూపిస్తున్నది; దీనినే రాత్రి కనిష్ఠ ప్రవాహం అంటారు. ఆ వేళ ఇంటికి గంటకు సగటున రెండు లీటర్లు వాడతారని అనుకుంటే ఇళ్ల వాడకం 2.4, విడిగా మీటరు చూసి తెలుసుకున్న ఒక హాస్టల్ వాడకం 0.6, వెరసి 3 ఘనపు మీటర్లు న్యాయమైన వినియోగం. మిగిలిన 11 ఘనపు మీటర్లు గంట గంటకూ నేలలోకి పోతున్నవే.

ఇక్కడ తొందరపడి పదకొండును ఇరవై నాలుగుతో హెచ్చించడం తరచుగా జరిగే పొరపాటు. ఎవరూ వాడని రాత్రివేళ పైపులలో పీడనం పెరుగుతుంది, పీడనంతో పాటు కారుడూ పెరుగుతుంది. ఇనుప పైపులోని గుండ్రని చిల్లు నుంచి వచ్చే నీరు పీడనపు వర్గమూలాన్ని అనుసరించి పెరిగితే, ప్లాస్టిక్ పైపులోని చీలిక పీడనానికి తానే వెడల్పవుతుంది గనుక అంతకంటే వేగంగా పెరుగుతుంది. రెండు రకాలూ కలగలిసిన పట్టణంలో కారుడు పీడనానికి అనులోమంగా ఉంటుందని అనుకోవడం సమంజసం. ఈ జోన్‌లో రాత్రి పీడనం 22 మీటర్ల నీటి ఎత్తుకు సమానమై, రోజంతటి సగటు 17 మీటర్లే అయితే, రోజు మొత్తం కారుడు 264 ఘనపు మీటర్లు కాదు, సుమారు 204. అప్పుడు 270లో తక్కిన 66 ఘనపు మీటర్లు మీటర్లలోనూ రిజిస్టర్లలోనూ వెతకవలసినవని తేలుతుంది. హెచ్చించి వదిలేస్తే ఆ 66లో అరవై కనబడకుండానే పోయేవి.

అంచెలంచెలుగా, ఆపైన చెవితో

గంటకు పోతున్న పదకొండు ఘనపు మీటర్లు పది కిలోమీటర్ల పైపులో ఎక్కడ ఉన్నాయో చెప్పేది అంచెల పరీక్ష. అర్ధరాత్రి దాటాక జోన్ చివరి వీధి నుంచి మొదలుపెట్టి ప్రవేశ మీటరు వైపు వస్తూ ఒక్కొక్క భాగాన్ని వాల్వు కట్టి విడదీస్తారు, ప్రతి మూతకూ మీటరు దగ్గర ప్రవాహం ఎంత తగ్గిందో రాసుకుంటారు. పై జోన్‌లో 150 ఇళ్లున్న రెండవ భాగాన్ని మూసినప్పుడు ప్రవాహం ఒక్కసారిగా 4.5 ఘనపు మీటర్లు పడిపోయిందనుకుంటే, ఆ ఇళ్ల రాత్రి వాడకం 0.3 మించదు గనుక 4.2 ఘనపు మీటర్ల లీకేజీ ఆ రెండు మూడు వీధులలోనే ఉన్నది. మరో భాగంలో ఇటువంటిదే ఇంకొక పెద్ద పతనం కనబడవచ్చు, మిగతా చోట్ల ఇళ్ల సంఖ్యకు కాస్త మించిన తగ్గుదలలే ఉండవచ్చు. ఈ పరీక్షకు ప్రాణం వాల్వులు. ఏళ్ల తరబడి తిప్పక తుప్పుపట్టిన వాల్వు మూసినట్టే అనిపించి సగం నీటిని వదిలితే, లీకేజీ తరువాతి భాగానికి చెందినదిగా కనిపించి బృందాన్ని తప్పు వీధికి పంపుతుంది.

వీధి తేలాక వినడం మొదలవుతుంది. పీడనంలో ఉన్న నీరు చిల్లు నుంచి దూసుకువచ్చేటప్పుడు పైపు గోడ కంపిస్తుంది, ఆ కంపనం పైపు వెంట రెండు వైపులా ప్రయాణిస్తుంది. ఒక కొన వాల్వు మీదా మరో కొన చెవికీ ఆనించే లోహపు కడ్డీ ఈ వృత్తిలో నూరేళ్లకు పైబడిన పరికరం. ఇప్పటికీ ముందు దానితోనే ప్రతి వాల్వునూ, ప్రతి ఇంటి స్టాప్‌కాక్‌నూ తాకి వింటారు. ఇనుప పైపులో నిలకడగా వినబడే బుసలాంటి శబ్దం లీకేజీది కావచ్చు. ఎవరో తొట్టి నింపుకుంటున్నా అదే శబ్దం వస్తుంది, సగం మూసిన వాల్వూ అలాగే పలుకుతుంది, వీధి ట్రాన్స్‌ఫార్మర్ హోరు కడ్డీలోకి ఎక్కుతుంది. అనుభవమున్న ఫిట్టరు ఒక్కసారి విని తీర్పు చెప్పడు, అరగంట ఆగి మళ్లీ వింటాడు, ఇంటి స్టాప్‌కాక్ మూసి వింటాడు. మూయగానే శబ్దం ఆగితే అది వాడకం, లేదా స్టాప్‌కాక్‌కు అవతల ఇంటి లోపలి లీకేజీ. ఆగకపోతే తప్పు మెయిన్ వైపున ఉన్నది.

తవ్వవలసిన చోటును మీటరు దూరంలోకి కుదించడానికి కోరిలేటర్ అనే పరికరం వచ్చింది. అనుమానపు భాగానికి రెండు చివరలా వాల్వుల మీద రెండు గ్రాహకాలు పెడితే, లీకేజీ శబ్దం దగ్గరి గ్రాహకానికి ముందుగానూ దూరపుదానికి ఆలస్యంగానూ చేరుతుంది. రెండు చోట్లా నమోదైన శబ్దాలను ఒకదానిపై ఒకటి జరుపుతూ సరిపోల్చి, ఆ ఆలస్యం ఎంతో యంత్రం చెబుతుంది. గ్రాహకాల మధ్య దూరంలోంచి శబ్దవేగాన్ని ఆలస్యంతో హెచ్చించగా వచ్చినది తీసివేసి, మిగిలినదానిలో సగం చేస్తే దగ్గరి గ్రాహకం నుంచి లీకేజీ ఉన్న దూరం వస్తుంది. గ్రాహకాల మధ్య 120 మీటర్లు, ఇనుప పైపులో శబ్దవేగం సెకనుకు 1,200 మీటర్లు, ఆలస్యం సెకనులో నూరింట నాలుగు వంతులు అయితే హెచ్చింపు 48 మీటర్లు, మిగిలేది 72, సగం 36. అంటే దగ్గరి వాల్వు నుంచి 36 మీటర్ల దగ్గర తవ్వాలి.

ఈ లెక్క ఎంత చక్కగా ఉందో అంత సులభంగా మోసపోతుంది. ఎప్పుడో జరిగిన మరమ్మతులో ఇనుప పైపులోని ఆరు మీటర్ల ముక్కను తీసి పీవీసీ ముక్క వేశారనుకుంటే, పీవీసీలో శబ్దం సెకనుకు 450 మీటర్ల దగ్గరే నడుస్తుంది గనుక, ఆ ముక్క దూరపు గ్రాహకం వైపున ఉన్నప్పుడు ఆలస్యం సెకనులో వెయ్యింట ఎనిమిది వంతులకు పైగా పెరుగుతుంది. ఆ ముక్క సంగతి తెలియని యంత్రం 36 మీటర్లకు బదులు 31 చూపిస్తుంది, కూలీలు ఐదు మీటర్ల అవతల పొడి గొయ్యి తవ్వుతారు. దీనిని ముందే పసిగట్టే ఉపాయం ఒకటున్నది: గ్రాహకాలలో ఒకదానిని వేరే వాల్వుకు మార్చి మళ్లీ కొలవాలి. రెండు కొలతలూ ఒకే చోటును చూపితే గునపం దించవచ్చు, చోటు జరిగితే ఊహించిన శబ్దవేగం తప్పు. పూర్తిగా ప్లాస్టిక్ పైపులైతే కంపనం తక్కువ దూరంలోనే చచ్చిపోతుంది కాబట్టి గ్రాహకాలను మరింత దగ్గరగా పెట్టక తప్పదు.

గంటసేపు వచ్చే నీటితో చిక్కు

పైన చెప్పినదంతా పైపులలో రాత్రింబవళ్లూ నీరు నిండి ఉండే ఊరికి వర్తిస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు నీరు వదిలే తెలుగు పట్టణాలలో రాత్రి రెండు గంటలకు కొలవడానికి పైపులో నీరే ఉండదు. నీరు వదిలిన ఆ కాసేపూ ప్రతి ఇంట్లోనూ సంపులు నిండుతుంటాయి, కొందరు కుళాయికే మోటారు పెట్టి లాగుతుంటారు, పీడనం రెండు మూడు మీటర్లకు పడిపోతుంది. అంత తక్కువ పీడనంలో చిల్లు దాదాపు మూగదే. శబ్దంతో వెతకడానికి పది మీటర్ల పీడనమైనా ఉంటే మేలు.

ఇంతకంటే గట్టి చిక్కు శాతంలో ఉన్నది. ఊహాత్మక జోన్‌లో గంటకు 11 ఘనపు మీటర్లు కారే పైపులే ఉంచి, రోజుకు రెండు గంటలే నీరు వదిలితే కారేది 22 ఘనపు మీటర్లు. అదే 496 ఘనపు మీటర్ల వాడకం పక్కన పెట్టి చూస్తే అది నాలుగు శాతం. పీడనం తక్కువ గనుక నిజానికి ఇంకా తక్కువే కారుతుంది. ఒక్క జాయింటు కూడా బాగుచేయకుండానే లీకేజీ అదుపులో ఉన్నట్టు పట్టిక చూపిస్తుంది, అవే పైపులకు ఇరవై నాలుగు గంటల నీరు ఇస్తే నష్టం పదింతలకు దగ్గరగా ఎగబాకుతుంది. నిరంతర సరఫరా అనగానే అనుభవజ్ఞులైన ఇంజనీర్లు వెనకాడటానికి ఇది ఒక కారణం, ఆ వెనకాటు అర్థం లేనిది కాదు. అయితే రోజూ నిండి రోజూ ఖాళీ అయ్యే పైపులో గాలీ నీరూ ఢీకొనే తాకిడికి జాయింట్లు వదులవుతూనే ఉంటాయి, ఖాళీ వేళ అవే సందుల నుంచి మురుగు లోపలికి దిగుతుంది. శాతానికి బదులు, పైపులో పీడనం ఉన్న ప్రతి గంటకూ ఒక్కో కనెక్షన్‌కు ఎన్ని లీటర్లు కారుతున్నాయన్న కొలత వాడితే ఈ కనికట్టు విడిపోతుంది; పై జోన్‌లో అది గంటకు తొమ్మిది లీటర్లు దాటుతున్నది.

గంటల సరఫరా ఉన్న ఊరిలోనూ దారులు లేకపోలేదు. ఒక చిన్న జోన్‌ను ఎంచుకుని, ఇళ్ల సంపులన్నీ నిండేదాకా నీరిచ్చి, తరువాత అందరి స్టాప్‌కాక్‌లూ మూయించి, ఒక్క రాత్రి మాత్రం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నిండు పీడనం పెడితే ఆపై మీటరులో కదిలేదంతా లీకేజీయే. అదీ కుదరని చోట, ఐదు శాతం హైడ్రోజన్, తొంభై ఐదు శాతం నైట్రోజన్ కలిపిన వాయువును పైపులోకి ఎక్కిస్తారు. ఆ పాళ్లలో అది మండదు. హైడ్రోజన్ మాత్రం చిల్లులోంచి, మట్టిలోంచి పైకి పాకుతుంది గనుక రోడ్డు మీద వాసన పట్టే పరికరంతో నడుస్తూ అది బయటపడే చోటును పట్టవచ్చు. శబ్దం, పీడనం రెండూ అవసరం లేని ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ, సిమెంటు రోడ్డయితే అక్కడక్కడ చిన్న రంధ్రాలు వేయక తప్పదు.

మరికొన్నిచోట్ల వెతకడమే మానేసి పైపులన్నీ మార్చారు. పొరుగు రాష్ట్రంలోని హుబ్బళ్లి-ధార్వాడ్‌లో 2008 నాటికి ఇరవై నాలుగు గంటల సరఫరా ఇచ్చిన ప్రయోగ ప్రాంతాలలో ఇంటి కనెక్షన్లతో సహా కొత్త అల్లిక వేసి, ప్రతి ఇంటికీ మీటరు పెట్టారు. మెయిన్ పైపు మాత్రమే మార్చి పాత ఇంటి కనెక్షన్లను దానికే తగిలించే పురపాలక అలవాటుతో పోలిస్తే ఈ నిర్ణయం తెలివైనది, ఎందుకంటే దాగిన లీకేజీలలో అధికభాగం ఆ చిన్న పైపుల మీదే ఉంటుంది.

కంబోడియా రాజధాని ఫ్నామ్ పెన్ అనుభవం ఇంకా విలువైనది. యుద్ధాల తరువాత 1993లో అక్కడ ఉత్పత్తి చేసిన నీటిలో 72 శాతానికి రాబడి లేదు, సరఫరా రోజుకు పది గంటలే, మీటర్లున్న కనెక్షన్లు దాదాపు ఎనిమిదింట ఒకటే. ఆ ఏడాది నగర నీటి సంస్థ బాధ్యత తీసుకున్న ఎక్ సోన్ చాన్ సిబ్బందిని ఇంటింటికీ పంపి, ఎవరు వాడుతున్నారో ఎవరికి బిల్లు వెళుతున్నదో తేల్చాడు, ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టించాడు, దొంగ కనెక్షన్ ఎవరిదైనా జరిమానా వేశాడు. విదేశీ రుణాలతో, సాయంతో పాత పైపులను మార్చారు. జపాన్‌లోని కిటక్యూషు నగరపు ఇంజనీర్ల తోడ్పాటుతో అల్లికను భాగాలుగా విడదీసి ప్రతి భాగంలోనూ ప్రవాహాన్నీ పీడనాన్నీ నిరంతరం గమనించారు. లీకేజీ బాగుచేసే బృందాలు రాత్రింబవళ్లూ సిద్ధంగా ఉండేవి. ఆయనకు 2006లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, ఆ దశాబ్దం చివరికి నష్టం ఆరు శాతం దగ్గరికి దిగింది. పదిహేనేళ్లు పట్టిన ఈ పనిని రెండేళ్ల కాంట్రాక్టుగా చేసి చూపమని టెండర్లు పిలిచేవారు గమనించవలసినది, అక్కడ మొదట సరిదిద్దినది పైపును కాదు, రిజిస్టరును.

బాగుచేశాక పెరిగే కారుడు

ఊహాత్మక జోన్‌లో దొరికిన రెండు పెద్ద లీకేజీలనూ మూసి, గంటకు 7.4 ఘనపు మీటర్లు ఆదా అయ్యాయని లెక్కవేసి, మళ్లీ రాత్రి మీటరు చూస్తే 14 నుంచి 6.6కు దిగవలసిన ప్రవాహం 7.5 దగ్గరే ఆగిందనుకుంటే బృందాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. పెద్ద చిల్లులు మూసుకున్నందువల్ల పైపుల్లో పీడనం పెరుగుతుంది, పెరిగిన పీడనం మిగిలిన చిన్న కారుడులన్నింటినీ కొంచెం కొంచెం పెంచుతుంది, బలహీనమైన జాయింట్లను కొత్తగా తెరుస్తుంది. అందుకే మరమ్మతుతో పాటే ప్రవేశ మీటరు పక్కన పీడనాన్ని తగ్గించే వాల్వు పెట్టి, వాడకం లేని రాత్రిపూట పీడనాన్ని చివరి ఇంటికి చాలినంత వరకే ఉంచుతారు. ఈ ఒక్క వాల్వు, ఎవరూ ఎన్నడూ కనుగొనలేని జాయింటు చెమ్మను కూడా తగ్గిస్తుంది. గంటకు రెండు మూడు వందల లీటర్లకు లోబడిన కారుడులు సాధారణంగా ఏ కడ్డీకీ వినబడవు, వాటికి పీడనం తగ్గించడమో పైపు మార్చడమో తప్ప వేరే మందు లేదు.

ఆ స్థాయికి దిగాక వెతుకులాట ఖర్చు దొరికే నీటి విలువను మించుతుంది గనుక బృందం మరో జోన్‌కు వెళ్లడం సబబే. ప్రవేశ మీటరును మాత్రం విప్పి తీసుకుపోకూడదు. కొత్త లీకేజీలు నెల నెలా పుడుతూనే ఉంటాయి, రాత్రి ప్రవాహం 7.5 నుంచి 8కి, ఎనిమిది నుంచి తొమ్మిదికి పాకుతుంది. ఏ అంకె దాటితే బృందాన్ని తిరిగి పిలవాలో ముందే నిర్ణయించి, రోజూ ఉదయం ఆ ఒక్క అంకెను చూసే బాధ్యత ఒక అసిస్టెంట్ ఇంజనీరుకు అప్పగించిన జోన్‌లో, తరువాతి లీకేజీ 300 రోజులు కాక 30 రోజులే పారుతుంది.